ఒకే పట్టికకు 0.94, 0.28, -0.24: బోరు–ట్యాంకర్ లెక్కల ప్రాజెక్టు డైరీ

బెంగళూరు ఔటర్ రింగ్ రోడ్ పక్కన మా అపార్ట్‌మెంట్. వేసవిలో బోరు తగ్గుతుంది, ట్యాంకర్లు పెరుగుతాయి, దాంతోపాటు కుళాయిల మీద తెల్లటి పొర కూడా. ట్యాంకర్ నీళ్ల వల్లే సంపులో టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, పెరుగుతోందా అన్నది అసోసియేషన్ అడిగిన ప్రశ్న. సాఫ్ట్‌నర్ మీద డబ్బు పెట్టాలా, ట్యాంకర్ సప్లయర్‌ని మార్చాలా అన్నది దాని మీదే ఆధారపడి ఉంది. రెండు అంకెలు ఎంత కలిసి నడుస్తాయో -1 నుంచి 1 దాకా చెప్పే కోరిలేషన్ తీస్తే, ఒకే ఫైలు నుంచి నాకు ఒక జవాబు, మూడో అంతస్తులో ఉండే మిత్రుడికి ఇంకో జవాబు వచ్చాయి. ఎందుకు వచ్చాయో, తర్వాత ఏం మార్చామో ఇక్కడ రాస్తున్నాను. మీ దగ్గర కూడా ఖాళీ గడులున్న రోజువారీ లాగ్ ఉంటే ఇందులో చాలా భాగం నేరుగా వాడుకోవచ్చు.

## దశ 0: కొలతలు, పట్టిక

రోజుకు నాలుగు అంకెలు రాస్తాం.

1. ట్యాంకర్లు: గేటు రిజిస్టర్ నుంచి, ఆ రోజు ఎన్ని వచ్చాయో.
2. టీడీఎస్: సంపు నీళ్లు గ్లాసులో పట్టి, చేతి మీటర్‌తో, పీపీఎంలో.
3. బోరు లోతు: నేల నుంచి నీటి దాకా ఎన్ని అడుగులు. బోరులో 210 అడుగుల దగ్గర వేలాడదీసిన ప్రెజర్ సెన్సర్ నుంచి వస్తుంది.
4. మోటారు గంటలు: వాచ్‌మన్ పుస్తకం నుంచి. ఆదివారం ఆయనకు సెలవు, ఆ గడి ఖాళీ.

మొత్తం లాగ్ పెద్దది. గొడవంతా కనిపించే ముక్క మాత్రం ఈ పన్నెండు రోజులే. మీరూ టైప్ చేసి చూసుకునేంత చిన్నది కాబట్టి డైరీ మొత్తం దీని మీదే నడుస్తుంది.

| రోజు | ట్యాంకర్లు | టీడీఎస్ | లోతు | మోటారు |
|---|---|---|---|---|
| 1 (ఆది) | 1 | 620 | 176 | – |
| 2 | 1 | 660 | 180 | 6.0 |
| 3 | 2 | 610 | 186 | 6.5 |
| 4 | 2 | 690 | 196 | 7.0 |
| 5 | 2 | 650 | 188 | 6.5 |
| 6 | 2 | 650 | 192 | 7.0 |
| 7 | 3 | 640 | 198 | 7.5 |
| 8 (ఆది) | 3 | 680 | 204 | – |
| 9 | 5 | 750 | – | 4.0 |
| 10 | 6 | 800 | – | 3.5 |
| 11 | 6 | 780 | – | 3.0 |
| 12 | 7 | 830 | – | 2.5 |

తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం టీడీఎస్ 500 దాకా ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే టీడీఎస్ వరకు చూస్తే ఈ నీళ్లు ప్రమాదం కాదు. ఇబ్బందంతా గీజర్లకు, కుళాయిలకు, జుట్టుకు. అయినా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో టెన్షన్ తక్కువేం లేదు.

వరుసల లెక్క: మొత్తం 12. లోతు ఖాళీలు 4. మోటారు ఖాళీలు 2.

## దశ 1: రెండు జవాబులు

నేను పైథాన్‌లో పాండాస్ వాడతాను. మిత్రుడు ఆర్ వాడతాడు. ట్యాంకర్లకూ టీడీఎస్‌కూ మధ్య కోరిలేషన్ నాకు 0.94 వచ్చింది. అతను ఫోన్ చేశాడు.

"అన్నా, నీ 0.94 నాకు రావట్లేదు. 0.28 వస్తోంది. ఫైలు అదేనా?"

ఫైలు అదే. పద్ధతి కూడా ఇద్దరిదీ పియర్సనే. కాలమ్‌లో ఎక్కడైనా అంకె అక్షరంగా చదివిందేమో చూశాం, అదీ కాదు. ట్యాంకర్ల కాలమ్‌లో, టీడీఎస్ కాలమ్‌లో ఒక్క ఖాళీ కూడా లేదు కాబట్టి ఖాళీల మీదకు మా దృష్టి పోలేదు. నిండుగా ఉన్న రెండు కాలమ్‌ల మధ్య లెక్కకూ పక్క కాలమ్‌లోని ఖాళీకీ సంబంధం ఉంటుందని వెంటనే ఎవరికీ తట్టదు.

అతను మోటారు గంటల కాలమ్‌ని కూడా కలిపి మళ్లీ నడిపినప్పుడు ఆధారం దొరికింది. ట్యాంకర్–టీడీఎస్ విలువ 0.28 నుంచి -0.24కి పోయింది. ఆ రెండు కాలమ్‌లలో ఏమీ మారలేదు, పక్కన ఒక కాలమ్ చేరిందంతే. ట్యాంకర్లు పెరిగితే టీడీఎస్ తగ్గుతుందని ఇప్పుడు ఆ అంకె చెబుతోంది.

నా వైపు ఇలా ఉంది:

```python
import pandas as pd
d = pd.DataFrame({
  "tanker": [1,1,2,2,2,2,3,3,5,6,6,7],
  "tds":    [620,660,610,690,650,650,640,680,750,800,780,830],
  "depth":  [176,180,186,196,188,192,198,204] + [None]*4,
  "motor":  [None,6,6.5,7,6.5,7,7.5,None,4,3.5,3,2.5],
})
print(d.corr())
```

అతని వైపు ఇలా ఉంది:

```r
cor(d)                          # ఖాళీ ఉన్న ప్రతి జతకూ NA
cor(d, use = "complete.obs")    # అతను వాడింది
```

ఆర్‌లో `cor` మామూలుగా నడిపితే ఖాళీ ఉన్న కాలమ్ తగిలిన ప్రతిచోటా `NA` ఇస్తుంది. ఆ `NA`లు పోవడానికి చాలామంది `complete.obs` పెడతారు, అతనూ అదే చేశాడు. దాని పని ఏమిటంటే, ఇచ్చిన కాలమ్‌లలో ఎక్కడ ఒక్క ఖాళీ ఉన్నా ఆ వరుసంతా తీసేసి, మిగిలిన వరుసలతోనే అన్ని జతల లెక్కా చేయడం. పాండాస్‌లో `d.corr()` అలా చేయదు. ఒక్కో జతను విడిగా తీసుకుని, ఆ రెండు కాలమ్‌లూ నిండి ఉన్న వరుసలన్నీ వాడుతుంది. డైరీలో ఇకపై మొదటిదాన్ని వరుస కోత అనీ, రెండోదాన్ని జత లెక్క అనీ రాస్తాను.

ఇద్దరి టూల్సూ సరిగ్గానే పనిచేస్తున్నాయి. ఆర్‌లో `use = "pairwise.complete.obs"` పెడితే నా 0.94 అక్కడా వస్తుంది. పాండాస్‌లో `d.dropna().corr()` అంటే అతని -0.24 ఇక్కడా వస్తుంది. రెండు వైపులా నడిపి చూశాకే ముందుకు వెళ్లాం. సాఫ్ట్‌వేర్ తేడా అనుకున్నది నిజానికి వరుసల ఎంపికలో తేడా అని అలా తేలింది.

వరుసల లెక్క (ట్యాంకర్–టీడీఎస్ జతకు):
- జత లెక్క: 12 వరుసలు, 0.94
- వరుస కోత, మూడు కాలమ్‌లతో: 12 - 4 = 8 వరుసలు, 0.28
- వరుస కోత, నాలుగు కాలమ్‌లతో: 8 - 2 = 6 వరుసలు, -0.24

## దశ 2: చేత్తో లెక్క

అంకె ఇంతలా ఎందుకు కదిలిందో చూడాలంటే కాగితం మీద వేయడమే మేలు. సూత్రం అందరికీ తెలిసిందే: సగటు నుంచి తేడాల లబ్ధాల మొత్తాన్ని, రెండు వర్గాల మొత్తాల లబ్ధపు వర్గమూలంతో భాగించాలి.

మొదటి 8 రోజులు:

1. ట్యాంకర్ల సగటు 2. తేడాలు -1, -1, 0, 0, 0, 0, 1, 1. వర్గాల మొత్తం 4.
2. టీడీఎస్ సగటు 650. తేడాలు -30, 10, -40, 40, 0, 0, -10, 30. వర్గాల మొత్తం 5200.
3. లబ్ధాల మొత్తం: 30 - 10 - 10 + 30 = 40.
4. 40 ÷ √(4 × 5200) = 40 ÷ 144.2 = 0.28.

మూడో అంకె దగ్గర ఒక్క క్షణం ఆగండి. ట్యాంకర్లు రెండే వచ్చిన నాలుగు రోజుల తేడా సున్నా కాబట్టి వాటి నుంచి లబ్ధాల మొత్తానికి ఏమీ రాదు. లెక్కంతా 1, 2, 7, 8 రోజుల మీద నిలబడింది. అందులో 30 చొప్పున ఇచ్చిన రెండు రోజులు 1, 8. రెండూ ఆదివారాలే. మోటారు కాలమ్ కలిపినప్పుడు ఎగిరిపోయింది సరిగ్గా ఆ రెండే. మిగిలింది -10, -10. అందుకే గుర్తు తిరగబడింది: -20 ÷ √(2 × 3400) = -0.24. వాచ్‌మన్ వారాంతపు సెలవు, ట్యాంకర్ నీళ్ల గురించిన జవాబును తలకిందులు చేసింది.

పన్నెండు రోజులూ కలిపితే ట్యాంకర్ల వర్గాల మొత్తం 4 నుంచి 48.7కి పెరుగుతుంది. టీడీఎస్‌ది 5200 నుంచి 60,867కి, లబ్ధాల మొత్తం 40 నుంచి 1613కి. 1613 ÷ 1721 = 0.94.

ఇక్కడ 0.94ని కూడా జాగ్రత్తగా చూడాలి. లబ్ధాల మొత్తం 1613లో దాదాపు 1493, మొదటి 8 రోజుల సగటుకూ చివరి 4 రోజుల సగటుకూ మధ్య దూరం నుంచే వచ్చింది. అంటే ఈ అంకె ఎక్కువగా చెబుతున్నది బోరు ఉన్న రోజులకూ, బోరు చేతులెత్తేసిన రోజులకూ మధ్య తేడా గురించే. ఒక ట్యాంకర్ పెరిగితే ఎంత పెరుగుతుందన్న ప్రశ్నకు మొదటి ఎనిమిది రోజుల్లో సమాచారమే తక్కువ, ఎందుకంటే అక్కడ ట్యాంకర్లు 1 నుంచి 3 మధ్యే తిరిగాయి. పైగా ఇవి వరుసగా వచ్చిన రోజులు. నిన్నటి సంపులో మిగిలిన నీళ్లు ఈరోజు కొలతలోనూ ఉంటాయి, కాబట్టి పన్నెండు వరుసలంటే పన్నెండు వేర్వేరు సాక్ష్యాలు కావు.

అయినా ఈ జతకు మేం తీసుకున్నది 0.94నే. రెండు కాలమ్‌లూ పన్నెండు రోజులూ నిండుగా ఉన్నాయి. కొలిచిన నాలుగు రోజులను, వేరే కొలత లేదని పారేయడానికి కారణం లేదు.

## దశ 3: ఖాళీ ఎందుకు వచ్చింది

ఖాళీలు యాదృచ్ఛికంగా పడి ఉంటే వరుస కోత వల్ల సమాచారం తగ్గుతుంది కానీ జవాబు ఒక పక్కకు ఒరగదు. మా పట్టికలో లోతు ఖాళీలన్నీ చివర్న, ట్యాంకర్లు 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిన రోజుల్లోనే ఉన్నాయి. అది చూశాక సెన్సర్ దగ్గరకు వెళ్లాం.

సెన్సర్ పని ఇది. తన మీద ఎన్ని మీటర్ల నీళ్లు నిలబడ్డాయో ఒత్తిడితో కొలిచి, 4 నుంచి 20 మిల్లీఆంపియర్ల కరెంటుగా పంపుతుంది. మాది 50 మీటర్ల రకం. నీళ్లు అస్సలు లేకపోతే 4, యాభై మీటర్లుంటే 20. మొదటి రోజు లోతు 176 అడుగులు, అంటే సెన్సర్ మీద 34 అడుగులు, 10.4 మీటర్లు, కరెంటు 7.32 దగ్గర. ఎనిమిదో రోజు సెన్సర్ మీద మిగిలింది 6 అడుగులే, కరెంటు 4.59.

ఆ కరెంటును రోజూ రాసిపెట్టే లాగర్‌లో ఒక సెట్టింగ్ ఉంది: కరెంటు 4.1 కంటే తక్కువైతే దాన్ని చెడు కొలతగా భావించి గడి ఖాళీగా వదిలేస్తుంది. పచ్చి కరెంటు ఫైలు తీసి చూస్తే 9 నుంచి 12వ రోజు దాకా 4.00, 4.01 అని నిలకడగా ఉంది. వైరు తెగి ఉంటే సున్నా రావాలి. 4.00 అంటే సెన్సర్ బాగానే ఉంది, నీళ్లే దానికంటే కిందికి వెళ్లిపోయాయి.

కాబట్టి ఆ నాలుగు ఖాళీలూ తెలియని విలువలు కావు. లోతు 210 అడుగులు దాటిందని మనకు తెలుసు, ఎంత దాటిందో మాత్రమే తెలియదు. బోరు బాగా పడిపోయిన రోజు, ట్యాంకర్లు ఎక్కువ వచ్చిన రోజు, లోతు గడి ఖాళీగా ఉన్న రోజు, మూడూ ఒకటే. వరుస కోత తీసేసింది సరిగ్గా ఆ రోజుల్నే, అంటే అసోసియేషన్ ప్రశ్న అడిగింది ఏ రోజుల గురించో వాటినే.

మోటారు ఖాళీల సంగతి వేరు. వాచ్‌మన్ సెలవుకూ బోరు నీటికీ సంబంధం లేదు. ఖాళీ పడే పద్ధతి హానిచేయనిదే. అయినా వరుసలు తక్కువగా ఉన్నప్పుడు ఏ రెండు పోయాయన్న దాని మీద అంకె ఇంత ఊగింది. అందుకే ఖాళీ కారణం, మిగిలిన వరుసల సంఖ్య, రెండూ విడివిడిగా చూడాలని నా అభిప్రాయం.

ఎవరైనా ముందుగా చేయాల్సిన పరీక్ష ఇది. ఖాళీ ఉన్న రోజులనూ లేని రోజులనూ విడదీసి, మిగతా కాలమ్‌ల సగటు చూడండి:

```python
print(d.groupby(d["depth"].isna())[["tanker","tds"]].mean())
```

మాకు లోతు ఉన్న రోజుల్లో ట్యాంకర్ల సగటు 2, టీడీఎస్ 650. లోతు లేని రోజుల్లో 6, 790. ఇంత దూరం కనిపిస్తే వరుస కోత చేసిన కోరిలేషన్ వేరే రకం రోజుల గురించి మాట్లాడుతోందని అర్థం.

ఖాళీల లెక్క: మొత్తం 6. నీటి మట్టం వల్ల 4, సెలవు వల్ల 2. వైరు లోపం 0.

## దశ 4: జత లెక్క విరిగిన చోటు

ఇంతవరకు చదివితే జత లెక్కే మంచిదనిపిస్తుంది. మాకూ అలాగే అనిపించి, దాంతో వచ్చిన మ్యాట్రిక్స్‌నే, అంటే అన్ని జతల కోరిలేషన్లూ ఉన్న పట్టికనే, తర్వాతి పనికి వాడాం. టీడీఎస్, లోతు రెండూ తెలిస్తే ఆ రోజు ట్యాంకర్లు ఎన్నో ఎంతవరకు చెప్పగలం అన్నది లెక్క. మూడు కోరిలేషన్లు ఇవి:

- ట్యాంకర్–టీడీఎస్: 0.94 (12 వరుసలు)
- ట్యాంకర్–లోతు: 0.93 (8 వరుసలు)
- టీడీఎస్–లోతు: 0.59 (8 వరుసలు)

ఈ మూడింటి నుంచి ఆర్-స్క్వేర్ లెక్కించే సూత్రం ఉంది. మొదటి రెండు కోరిలేషన్ల వర్గాలు కలిపి, అందులోంచి మూడింటి లబ్ధానికి రెండింతలు తీసేసి, 1 మైనస్ మూడోదాని వర్గంతో భాగించాలి. మాకు వచ్చింది 1.09. ఆర్-స్క్వేర్ 1 దాటకూడదు. ట్యాంకర్ల హెచ్చుతగ్గుల్లో 109 శాతం వివరించామంటే ఆ వాక్యానికి అర్థమే లేదు.

కారణం వెతికితే సూటిగానే ఉంది. మూడు కాలమ్‌లూ ఒకే వరుసల నుంచి వస్తే మూడు కోరిలేషన్లూ ఒకదాన్నొకటి కట్టిపడేస్తాయి. ట్యాంకర్లు టీడీఎస్‌తో 0.94, లోతుతో 0.93 కలిసి నడుస్తుంటే, టీడీఎస్, లోతు తమలో తాము కనీసం 0.74 కలిసి నడవక తప్పదు. మా మ్యాట్రిక్స్‌లో అక్కడ 0.59 ఉంది. ఏ పన్నెండు రోజులు తీసుకున్నా, ఏ లక్ష రోజులు తీసుకున్నా, ఆ మూడు అంకెలూ కలిసి ఒకే పట్టిక నుంచి పుట్టలేవు. మొదటిది ఎండిన రోజులతో కలిపి చేసింది, మిగతా రెండూ ఆ రోజుల్ని చూడలేదు.

దీన్ని పట్టుకోవడానికి ఒక్క పరీక్ష చాలు, ఐగెన్ విలువలు చూడటం:

```python
import numpy as np
R = d[["tanker","tds","depth"]].corr()
print(np.linalg.eigvalsh(R))   # -0.055  0.408  2.647
```

నిజమైన కోరిలేషన్ మ్యాట్రిక్స్‌కు నెగటివ్ ఐగెన్ విలువ ఉండదు. గుండ్రం చేయడంలో వచ్చే -0.0000000001 లాంటిదాన్ని వదిలేయొచ్చు. -0.055 అలాంటిది కాదు. ఈ మ్యాట్రిక్స్‌ను `np.linalg.cholesky`కి ఇస్తే `Matrix is not positive definite` అని ఆగిపోతుంది. అలా ఆగిపోతేనే మేలు. ఆర్-స్క్వేర్ లెక్కలాగా కొన్ని పద్ధతులు ఏమీ అనకుండా ఒక అంకె చేతిలో పెడతాయి. అది 1 దాటింది కాబట్టి మాకు దొరికింది. 0.97 దగ్గర ఆగి ఉంటే సంతోషంగా రిపోర్టులో రాసేవాళ్లం.

వరుస కోతకు ఈ రోగం రాదు. అన్ని జతలకూ ఒకే వరుసలు కాబట్టి మ్యాట్రిక్స్ ఎప్పుడూ కుదురుగా ఉంటుంది. మా ఎనిమిది రోజుల మ్యాట్రిక్స్ (0.28, 0.93, 0.59) గణితపరంగా నిక్షేపంగా ఉంది. కానీ అది బోరు ఉన్న రోజుల మ్యాట్రిక్స్.

ఇక్కడ మేం పెట్టుకున్న నియమం: ఒక్కో జతను విడిగా చదవడానికే జత లెక్క, పక్కన వరుసల సంఖ్యతో సహా. రిగ్రెషన్, ప్రధానాంశాల విశ్లేషణ లాంటి మ్యాట్రిక్స్ మొత్తం కావలసిన పనులకు అది వాడం.

## దశ 5: తెలిసినంత సమాచారం వాడుకోవడం

"పోనీ 220 అని వేసేద్దామా సార్?" అని సెక్రటరీ గారు అడిగారు. 220 అని, 230 అని, 260 అని మార్చి మార్చి వేస్తే పియర్సన్ విలువ మనం వేసిన అంకెను బట్టి మారుతుంది. అంటే మనం ఊహించినదే మనకు తిరిగి వస్తుంది.

అయితే ర్యాంకులతో పనిచేసే స్పియర్‌మన్‌కు ఎంత దాటిందో అక్కర్లేదు, క్రమం తెలిస్తే చాలు. కొలిచిన ఎనిమిది రోజులూ 204 లోపలే. ఖాళీ నాలుగూ 210 పైన. కాబట్టి ఆ నాలుగూ అన్నిటికంటే లోతైన రోజులన్నది ఖాయం. వాటిలో వాటికి క్రమం తెలియదు, అందుకని నాలుగింటికీ ఒకే ర్యాంకు: 9, 10, 11, 12ల సగటు 10.5.

1. ఖాళీల్లో 211 పెట్టాం. 999 పెట్టినా ఫలితం అదే, ర్యాంకు మారదు.
2. పన్నెండు వరుసలతో `method="spearman"` నడిపాం.
3. లోతు అసలు విలువలున్న కాలమ్‌ను విడిగా దాచాం. 211లు ఉన్న కాలమ్‌తో పియర్సన్ ఎవరూ పొరపాటున నడపకుండా దానికి వేరే పేరు పెట్టాం.

```python
d["depth_rank_only"] = d["depth"].fillna(211)
print(d[["tanker","tds","depth_rank_only"]].corr(method="spearman"))
```

ఫలితం: ట్యాంకర్–టీడీఎస్ 0.76, ట్యాంకర్–లోతు 0.96, టీడీఎస్–లోతు 0.83. మూడూ ఒకే పన్నెండు వరుసల నుంచి వచ్చాయి కాబట్టి నెగటివ్ ఐగెన్ విలువ బెడద లేదు. టీడీఎస్–లోతు జతను ఎనిమిది రోజులతోనే స్పియర్‌మన్ చేస్తే 0.49. ఎండిన రోజులు చేరగానే 0.83. దశ 4లో 0.59 అని కనిపించి మ్యాట్రిక్స్‌ను విరగ్గొట్టింది ఇదే జత.

ట్యాంకర్–టీడీఎస్ 0.94 నుంచి 0.76కి తగ్గిందేమని మిత్రుడు అడిగాడు. పియర్సన్‌లో రెండు గుంపుల మధ్య దూరం పెద్ద బరువు మోసింది. ర్యాంకుల్లో ఆ దూరం కుంచించుకుపోతుంది, మొదటి ఎనిమిది రోజుల గందరగోళానికి ఎక్కువ విలువ వస్తుంది. అసోసియేషన్‌కు ఇచ్చిన కాగితంలో రెండూ రాశాం.

ఈ పద్ధతికి హద్దు ఉంది. ఖాళీలన్నీ ఒక వైపునే, ఒకే గీత దాటి ఉన్నాయని ఖాయంగా తెలిస్తేనే పనికొస్తుంది. మోటారు గంటల ఆదివారాల ఖాళీకి ఇది వాడలేం, అక్కడ ఎక్కువో తక్కువో ఏమీ తెలియదు.

వరుసల లెక్క: స్పియర్‌మన్‌కు మూడు జతలకూ 12, 12, 12.

## దశ 6: మార్చినవి

సెన్సర్: కేబుల్ పొడిగించి 280 అడుగులకు దించాం. మోటారు దానికంటే ఇంకా కింద ఉంది కాబట్టి తగలదు. దించేటప్పుడు ప్లంబర్ కేబుల్ మీద పది అడుగులకొక టేపు చుట్టాడు. లోతు సూత్రంలో 210 బదులు 280 పెట్టడం, ఆ తేదీని పట్టికలో రాయడం ఒకేసారి చేయండి, లేకపోతే ఒక్కరోజులో నీళ్లు 70 అడుగులు పైకొచ్చినట్టు కనిపిస్తుంది.

లాగర్: 4.1 నియమం తీసేశాం. ఇప్పుడు లోతు పక్కన స్థితి అనే కాలమ్ ఉంది. 3.6 కంటే తక్కువ కరెంటు వస్తే "వైరు", 3.6 నుంచి 4.1 మధ్య ఉంటే "మట్టం కింద", మిగతావి "సరే". ఖాళీ ఎందుకు ఖాళీయో ఆ రోజే రాసిపెట్టుకుంటే తర్వాత పచ్చి ఫైళ్లు తవ్వక్కర్లేదు.

లెక్క: ప్రతి కోరిలేషన్ పట్టిక పక్కన వరుసల పట్టిక కూడా అచ్చు వేస్తాం.

```python
v = d[["tanker","tds","depth","motor"]].notna().astype(int)
print(v.T @ v)
```

మా నాలుగు కాలమ్‌లకు ఇందులో 12, 10, 8, 6 అన్నీ కనిపిస్తాయి. లోతు–మోటారు జతకు ఆరే. పాండాస్‌లో `min_periods` అని ఒకటుంది, మామూలుగా దాని విలువ 1. అంటే ఉమ్మడిగా రెండే వరుసలున్నా లెక్క చేసి, ఆ రెండూ రెండు కాలమ్‌లలోనూ వేర్వేరుగా ఉంటే 1 అనో -1 అనో ఇచ్చేస్తుంది. ఈ ముక్కకు `d[["tanker","tds","depth","motor"]].corr(min_periods=8)` పెట్టాం, లోతు–మోటారు గడి ఖాళీ అయింది. పెద్ద లాగ్‌కు 30 పెట్టాం.

మిగతా టూల్స్ వాడేవాళ్ల కోసం ఏది ఏ దారిలో వెళ్తుందో చూసి రాసుకున్నవి:

- ఎస్‌ఏఎస్‌లో `PROC CORR` మామూలుగా జత లెక్క; `NOMISS` పెడితే వరుస కోత.
- స్టేటాలో `correlate` వరుస కోత, `pwcorr` జత లెక్క.
- ఎస్‌పీఎస్‌ఎస్‌లో కోరిలేషన్ మామూలుగా జత లెక్క, రిగ్రెషన్ మామూలుగా వరుస కోత. ఒకే ప్యాకేజీలో ఈ రెండూ పక్కపక్కన పెడితే వరుసల సంఖ్య వేరుగా ఉండొచ్చు.
- మ్యాట్‌ల్యాబ్ `corrcoef` ఏమీ చెప్పకపోతే ఖాళీ తగిలిన చోట `NaN` ఇస్తుంది. `'Rows','complete'` లేదా `'Rows','pairwise'` మనమే చెప్పాలి.
- నంపై `np.corrcoef` కూడా `NaN` ఇస్తుంది, వరుసలు ఎంచే ఏర్పాటు అందులో లేదు.

అసోసియేషన్‌కు వెళ్లిన వాక్యం ఇది: "బోరు మట్టం 210 అడుగులు దాటిన నాలుగు రోజుల్లో ట్యాంకర్లు సగటున 6, సంపు టీడీఎస్ 790, అంతకుముందు ఎనిమిది రోజుల్లో 2, 650. ట్యాంకర్లు 3 లోపు ఉన్న రోజుల్లో టీడీఎస్‌తో సంబంధం ఈ లెక్కతో తేల్చలేం." సెక్రటరీ గారు ట్యాంకర్ నీళ్లను సంపులో కలపకముందే విడిగా టీడీఎస్ కొలవమని చెప్పారు. కోరిలేషన్‌తో తిప్పలు పడటం కంటే అది నేరైన కొలత, ఒప్పుకున్నాను. గేటు దగ్గర రెండో మీటర్ పెట్టాం. ట్యాంకర్ పైపు తెరిచిన ఒక నిమిషం తర్వాత గ్లాసు పట్టి రాస్తున్నారు.

మోటారు గంటల ఆదివారం గడి ఇంకా ఖాళీగానే ఉంది. మోటారు స్టార్టర్‌కు గంటల మీటర్ బిగించాలని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాం. అది మొత్తం గంటలు చూపిస్తుంది కాబట్టి సోమవారం అంకెలోంచి శనివారం అంకె తీసేస్తే మధ్యలోవి తెలుస్తాయి. బిగించేదాకా మోటారు కాలమ్‌ను మిగతా మూడింటితో కలిపి వరుస కోతకు ఇవ్వడం ఆపేశాం.